ఇందులో మేం చేయాల్సిందేంటండీ?

ఆడిట్ కమిటీ మీటింగులో మా వంతు ఎప్పుడూ భోజనానికి ముందే వస్తుంది. త్రైమాసిక ఫలితాలు, బ్యాంకు లిమిట్లు, కొత్త మెషినరీ కొటేషన్లు అన్నీ అయ్యాక ఏడో అంశంగానో ఎనిమిదో అంశంగానో ‘ఇంటర్నల్ ఆడిట్ రిపోర్టు’ అని ఉంటుంది. అప్పటికే డైరెక్టర్ల ముందున్న ట్యాబ్లెట్లలో మూడొందల పేజీలు దొర్లిపోయి ఉంటాయి. పక్క గదిలో గిన్నెల మూతలు తీస్తున్న చప్పుడు వినిపిస్తుంటుంది. మేం మూడు నెలలు తిరిగి చేసిన పనంతా ఆ ఇరవై నిమిషాల్లో తేలిపోవాలి.

చాలా ఏళ్ల క్రితం అలాంటి ఒక మీటింగులో 64 పేజీల రిపోర్టు పెట్టాను. 47 అబ్జర్వేషన్లు. ముందు రెండు పేజీల సారాంశం, అందులో ఒక రంగుల పట్టిక: హై 5, మీడియం 33, లో 9. దాన్ని నేను చదివి వినిపిస్తుంటే కమిటీ చైర్మన్, బ్యాంకులో జనరల్ మేనేజరుగా చేసి రిటైరైన పెద్దాయన, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, “చాలా కష్టపడ్డారండీ. ఇంతకీ ఇందులో మేం చేయాల్సిందేంటి?” అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. “నోట్ చేసుకుంటే చాలు సార్” అన్నాను. చేసుకున్నారు. మినిట్స్‌లో కూడా అదే మాట ఎక్కింది. ఆ రిపోర్టులో ముప్పై ఒకటో పేజీలో ఉన్న ఒక సంగతి తర్వాతి రెండేళ్లూ మళ్లీ మళ్లీ రిపోర్టుల్లో వచ్చింది, మళ్లీ మళ్లీ నోట్ అయింది. ఆ చైర్మన్‌గారు బద్ధకస్తుడేం కాదు. ఆయన చేయగలిగిందేదీ నేను ఆ రెండు పేజీల్లో పెట్టలేదు.

తెలియనివారి కోసం రెండు మాటలు. ఏటా బ్యాలెన్స్ షీటు మీద సంతకం చేసే ఆడిటర్ వేరు, మేం వేరు. ఆయన లెక్కలు నిజంగా ఉన్నాయా అని చూస్తాడు. మేం కంపెనీ లోపలి పనులు, అంటే సరుకు కొనడం, డబ్బు కట్టడం, స్టాకు దాచడం లాంటివి జరగాల్సిన తీరులో జరుగుతున్నాయా అని చూసి డైరెక్టర్లకి చెబుతాం. 2013 నాటి కంపెనీల చట్టం 138వ సెక్షన్ ప్రకారం లిస్టయిన కంపెనీలన్నిటికీ, ఒక స్థాయి దాటిన మిగతా కంపెనీలకీ ఇది తప్పనిసరి; ప్రైవేటు కంపెనీ అయితే టర్నోవర్ 200 కోట్లకి చేరినా చాలు. పెద్ద పబ్లిక్ కంపెనీల్లో మా రిపోర్టు ఆడిట్ కమిటీకి వెళుతుంది. కనీసం ముగ్గురు డైరెక్టర్లు, అందులో ఎక్కువమంది బయటివాళ్లు. వాళ్లు ఆ ఊళ్లో ఉండరు, ఆ వ్యాపారంలో పుట్టి పెరిగినవాళ్లూ కారు. మూడు నెలలకోసారి వస్తారు. మొదటి పేజీ వాళ్ల కోసమే.

ఇక ఒక కేసు. ఇది ఏ ఒక్క కంపెనీదీ కాదు. మూడు నాలుగు చోట్ల చూసిన సంగతులు కలిపి అల్లాను, అంకెలు కూడా లెక్క తెలియడానికి నేను వేసినవే. గోదావరి జిల్లాల్లో ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ అనుకుందాం. టర్నోవర్ 240 కోట్లు, కిందటేడు లాభం 6 కోట్లు. చెరువుల దగ్గర రైతుల నుంచి రొయ్య కొని, ప్లాంట్‌లో తలకాయ తీసి, శుభ్రం చేసి, గడ్డకట్టించి విదేశాలకి పంపుతుంది.

రొయ్య ధర కౌంట్ మీద నడుస్తుందని అక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది అన్ని కౌంట్. 50 కౌంట్ అంటే కిలోకి యాభై. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. మన లెక్కలో ఒక్కో కౌంట్‌కీ కిలో మీద 3 రూపాయల తేడా అనుకుందాం. పట్టుబడి రోజు కంపెనీ మనిషి చెరువు గట్టు మీద శాంపిల్ తీసి, లెక్కపెట్టి, స్లిప్ మీద కౌంట్ రాస్తాడు. ఆ స్లిప్ ఫోటో వాట్సాప్‌లో ఆఫీసుకి వస్తుంది. దాన్నిబట్టి రైతుకి డబ్బు వెళుతుంది. సరుకు ప్లాంట్‌కి చేరాక అక్కడ మళ్లీ కౌంట్ తీస్తారు, గ్రేడింగ్ కోసం. అది ప్లాంట్ రిజిస్టరులో ఉండిపోతుంది. గట్టు కౌంటూ ప్లాంట్ కౌంటూ ఒకచోట పెట్టి చూసినవాళ్లెవరూ లేరు. మేం చూశాం.

ఏడాదిలో వచ్చిన 1,600 లాట్లలోంచి 80 లాట్లు చీటీలు తీసినట్టు ఎంచుకున్నాం. లాట్‌కి సగటున 3 టన్నులు. ఒకటి రెండు కౌంట్ల తేడా శాంపిల్ తీయడంలోనే వస్తుంది, దాన్ని వదిలేశాం. 26 లాట్లలో ప్లాంట్ కౌంట్ గట్టు కౌంట్ కన్నా మూడో అంతకంటే ఎక్కువో ఉంది, సగటున నాలుగు. అంటే 50 కౌంట్ అని డబ్బు కట్టిన సరుకు నిజానికి 54 కౌంట్. కిలోకి 12 రూపాయలు, 3 టన్నుల లాట్‌కి 36,000 రూపాయలు ఎక్కువ పోయింది. ఇరవై ఆరు లాట్లకి 9,36,000.

తేడా రెండో వైపు ఎన్ని లాట్లలో ఉందని కూడా చూశాం. అంటే గట్టు మీద చిన్న రొయ్యగా రాసి, ప్లాంట్‌కొచ్చేసరికి పెద్దదిగా తేలినవి. అవి మూడే. ఈ మూడే ఈ కేసుకి ఆయువుపట్టు. శాంపిల్ తీయడంలో పొరపాటే అయితే అటూ ఇటూ ఇంచుమించు సమానంగా రావాలి. ఇరవై ఆరు ఒక వైపు, మూడు ఒక వైపు రావు. ఆ మూడింటి లాభం 1,08,000 తీసేస్తే నికర నష్టం 8,28,000. ఎనభై లాట్లు మొత్తంలో ఇరవయ్యో వంతు కాబట్టి ఏడాదికి సుమారు కోటీ అరవై ఐదు లక్షలు. శాంపిల్ లెక్క కనుక నిజమైన అంకె కోటి నుంచి రెండు కోట్ల ముప్పై లక్షల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆరు కోట్ల లాభం వచ్చే కంపెనీలో ఇది కిందటేడు లాభంలో నాలుగో వంతు పైమాటే.

ఇప్పుడు దీన్ని పాత పద్ధతిలో ఎలా రాసేవాణ్నో చూడండి:

‘ముడి సరుకు కొనుగోలు ప్రక్రియను సమీక్షించడమైనది. అంతర్గత నియంత్రణలు సాధారణంగా సంతృప్తికరంగా ఉన్నప్పటికీ, కొన్ని లాట్ల విషయంలో కౌంట్ నమోదులో వ్యత్యాసాలు గమనించబడినవి. ఇది ఆర్థిక నష్టానికి దారితీసే అవకాశం ఉన్నది. ఈ ప్రక్రియను బలోపేతం చేయవలసిందిగా సూచించడమైనది. రేటింగ్: మీడియం.’

కర్ర విరగకుండా పాము చావకుండా రాయడమంటే ఇదే. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా చదివినవాడికి ఏమీ అంటదు. ‘కొన్ని’ అంటే ఎన్ని? ‘అవకాశం ఉన్నది’ అంటే నష్టం వచ్చిందా, రాబోతోందా? ‘బలోపేతం’ అంటే రేపు పొద్దున ఎవరు ఏ పని చేయాలి? ‘గమనించబడినవి’ అన్న చోట గమనించినవాడు మాయం, తేడా చేసినవాడూ మాయం. మేం ఇలా రాసేది తెలివి తక్కువై కాదు, జంకు వల్ల. పర్చేజ్ హెడ్ రేపు మళ్లీ ఎదురుపడతాడు, ఆయన ఫైళ్లు ఇస్తేనే మా పని సాగుతుంది. అందుకే మాటకి నాలుగు పొరలు చుడతాం.

అదే సంగతి తర్వాత మేం పెట్టిన మొదటి పేజీలో ఇలా ఉంది:

‘చెరువు గట్టు మీద రాసిన కౌంట్‌కే రైతులకు డబ్బు కడుతున్నాం. ప్లాంట్‌లో తీసిన కౌంట్‌తో పోల్చి చూడడం లేదు. మేం చూసిన 80 లాట్లలో 26 లాట్లకు ఎక్కువ కట్టాం, 3 లాట్లకు తక్కువ కట్టాం, నికరంగా ₹8.28 లక్షలు ఎక్కువ పోయింది. ఈ లెక్కన ఏడాదికి సుమారు ₹1.65 కోట్లు (₹1 కోటి నుంచి ₹2.3 కోట్ల మధ్య). కారణం: ప్లాంట్ కౌంట్ రిజిస్టరు చెల్లింపుల విభాగానికి చేరదు, తేడా ఉంటే డబ్బు ఆపే మెట్టు ఎక్కడా లేదు. ఇందులో ఎవరైనా కావాలని చేశారా అన్నది ఈ ఆడిట్‌లో మేం తేల్చలేదు.’

ఆఖరి వాక్యం గురించి ఒక మాట చెప్పాలి. అది లేకపోతే మీటింగు మొత్తం ‘ఎవడు తిన్నాడు?’ అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. కొనుగోలుదారు, కమీషన్ ఏజెంటు కలిసి చేశారేమోనన్న అనుమానం మాకూ ఉంది. కానీ అనుమానానికీ రుజువుకీ మధ్య చేయాల్సిన పని వేరే ఉంది, అది వేరే విచారణలో జరగాలి. తెలిసింది ఎక్కడిదాకో అక్కడ గీత గీసి చెబితే మిగతా వాక్యాలకి బలం వస్తుంది.

అయితే ఈ పేరా చదివి కూడా చైర్మన్‌గారు తన పాత ప్రశ్నే అడగొచ్చు. సరే నష్టం ఉంది, మేనేజ్‌మెంట్ సరిచేస్తుంది, ఇందులో మేం చేయాల్సిందేంటి? ఈ ప్రశ్నకి జవాబు వెతుకుతుంటేనే అసలు చిక్కు బయటపడింది.

‘ప్లాంట్ కౌంట్ వచ్చేదాకా డబ్బు ఇవ్వొద్దు’ అని ఒక్క ముక్కలో సిఫార్సు రాసేయొచ్చు. నేను మొదట రాసింది అదే. పర్చేజ్ హెడ్ చదివి నవ్వారు. “సార్, గట్టు మీద చెప్పిన మాట ప్లాంట్ దగ్గర మారిందంటే ఆ రైతు వచ్చే పంటకి పక్క కంపెనీ వ్యాన్ ఎక్కిస్తాడు. సీజన్‌లో ప్లాంట్‌కి సరుకు లేకపోతే రోజుకి ఎంత నష్టమో అది కూడా మీ రిపోర్టులో రాయండి” అన్నారు. ఆయన చెప్పింది నిజమే. ప్లాంట్‌లో లెక్కపెట్టేటప్పుడు రైతు ఉండడు. కంపెనీ తన కౌంట్ తనే రాసుకుని కోత పెడితే రైతు ఎందుకు నమ్మాలి?

కాబట్టి ఇది గుమాస్తా స్థాయిలో ఒక మెట్టు పెడితే తీరే వ్యవహారం కాదు. ఎంత తేడాని వ్యాపార ఖర్చుగా ఓర్చుకుంటాం, ఎక్కడ గీత గీస్తాం, దానికోసం ఎంతమంది రైతుల్ని పోగొట్టుకోవడానికి సిద్ధం అన్నది తేల్చాలి. అది డైరెక్టర్లు తేల్చాల్సిందే. సారాంశంలో ఆ తర్వాతి పేరా అలా పుట్టింది:

‘కమిటీ నిర్ణయం కోరుతున్నది: రెండు దారులున్నాయి. ఒకటి, అన్ని లాట్లకూ ప్లాంట్ కౌంట్ మీదే చెల్లింపు. నష్టం దాదాపు ఆగుతుంది. రైతులు తగ్గవచ్చని పర్చేజ్ విభాగం అంచనా. రెండు, రెండు కౌంట్ల వరకు తేడాను వదిలేసి, అది దాటితే ఏజెంటు లేదా రైతు మనిషి ఎదుట ప్లాంట్‌లో మళ్లీ లెక్కపెట్టి ఆ కౌంట్‌కు చెల్లింపు. పెద్ద తేడాలన్నీ దొరుకుతాయి; చిన్నవి పోతాయి. మేనేజింగ్ డైరెక్టర్ రెండో దారి కోరుతున్నారు. మాకూ అదే మేలనిపిస్తోంది.’

చూడండి, ఇక్కడ డైరెక్టరుకి పని పడింది. అవునో కాదో అనాలి, లేదా మూడో దారి చెప్పాలి. ‘నోట్ చేసుకున్నాం’ అని దాటేయడానికి ఈ పేరాలో సందు లేదు. సారాంశం రాయడానికి కూర్చున్నప్పుడు నేనిప్పుడు మొట్టమొదట ఈ పేరాయే రాస్తాను. ఇది రాయలేకపోయానంటే ఆ అంశం కమిటీ ముందుకి రావాల్సింది కాదేమో, లేదంటే నాకే ఇంకా పూర్తిగా అర్థం కాలేదేమో. రెండోదే ఎక్కువసార్లు నిజమైంది.

ఇక రేటింగు. ఇందులోనే మా వృత్తిలో ఎక్కువ రక్తపోటు.

ఇంటర్నల్ ఆడిటర్ల అంతర్జాతీయ సంస్థ ఐఐఏ ప్రమాణాలు, 2025 జనవరి 9 నుంచి అమల్లో ఉన్నవి, కనిపెట్టిన లోపాల్ని వాటి ప్రాముఖ్యాన్ని బట్టి వరసలో పెట్టాలంటాయి. మూడు మెట్లా, నాలుగా, ఎర్రదా, పసుపుదా అన్నది ఆడిట్ అధిపతికే వదిలేశాయి. దాంతో ఎక్కువమందిమి ఎక్కడో చూసిన హై, మీడియం, లో తెచ్చి పెట్టేసుకుంటాం. పక్కన ఒక నిర్వచనం: ‘హై: తీవ్రమైన లోపం, తక్షణ శ్రద్ధ అవసరం. మీడియం: ముఖ్యమైన లోపం, సకాలంలో శ్రద్ధ అవసరం.’ తీవ్రమైనదానికీ ముఖ్యమైనదానికీ మధ్య గోడ ఎక్కడుంది? లేదు. గోడ లేని చోట బేరం మొదలవుతుంది. పర్చేజ్ హెడ్ ఫోన్ చేసి, “సార్, హై అని పెట్టకండి, బోనస్ మీద పడుతుంది. మీడియం చెయ్యండి, రేపే సరిచేస్తాను” అంటారు. మనకీ గొడవ ఎందుకులే అనిపిస్తుంది. 47లో 33 మీడియంలు అలా పోగుపడ్డవే. మధ్య మెట్టు పెట్టామంటే అందరూ అక్కడే కూర్చుంటారు.

కొందరు దీనికి విరుగుడుగా లెక్క పెడతారు. ప్రభావానికి ఒకటి నుంచి ఐదు, జరిగే అవకాశానికి ఒకటి నుంచి ఐదు, రెండూ గుణించు. చూడటానికి శాస్త్రీయంగా ఉంటుంది. మన రొయ్యల ప్లాంట్‌లోనే దీని బండారం బయటపడుతుంది. గడ్డకట్టించే యంత్రాలు అమ్మోనియాతో నడుస్తాయి. మెషిన్ రూములో గ్యాస్ లీకైతే అలారం మోగించాల్సిన డిటెక్టరు పనిచేయడం లేదు. లీకయ్యే అవకాశం తక్కువ, ఒకటి వేశారు. లీకైతే మనుషులు పోతారు, ఐదు. గుణిస్తే ఐదు. ఇటు గేటు రిజిస్టరులో సెక్యూరిటీ సంతకాలు సగం రోజులు లేవు. అది జరుగుతూనే ఉంది కాబట్టి ఐదు. వచ్చే నష్టం దాదాపు లేదు, ఒకటి. గుణిస్తే అదీ ఐదే. పట్టికలో రెండూ పక్కపక్కన ఒకే రంగులో కూర్చున్నాయి, చావూ సంతకమూ. ఈ అంకెలు వరస చెప్పడానికి పెట్టుకున్న గుర్తులు, తూకం వేసినవి కావు. వాటిని గుణించి వచ్చినదాన్ని నమ్ముకుంటే ఇలాగే ఉంటుంది.

మేం చివరికి చేసిందేమిటంటే, రేటింగు పేరునే చేయాల్సిన పనిగా మార్చేశాం. నాలుగు మెట్లు. మొదటి మెట్టు పేరు ‘ఇప్పుడే’. రిపోర్టు రాసేదాకా ఆగకూడదు. తెలిసిన రోజే ఎండీకి, మర్నాటికల్లా కమిటీ చైర్మన్‌కి ఫోన్, వారంలోగా తాత్కాలికంగానైనా అడ్డుకట్ట పడాలి. రెండోది ‘ఈ త్రైమాసికంలో’. వచ్చే మీటింగు నాటికి పూర్తవ్వాలి, కమిటీ ముందుకి వస్తుంది. మూడోది ‘ఈ ఏడాదిలో’. ఎండీ చూసుకుంటారు, కమిటీకి వరసపట్టికలో ఒక్క లైను. నాలుగోది రిపోర్టులోకే రాదు, ఆ విభాగం హెడ్‌కి ఉత్తరం రాసి ఊరుకుంటాం. గేటు సంతకాలు అక్కడికే పోయాయి.

ఏది ఏ మెట్టు అన్నదానికి ఈ కంపెనీ సొంత కొలతలే పెట్టాం. ఏడాదికి లాభంలో పదో వంతు, అంటే 60 లక్షలు దాటి పోయేదైతే ‘ఇప్పుడే’. డబ్బుతో సంబంధం లేకుండా మరో మూడు నేరుగా అదే మెట్టుకి వెళతాయి: ప్రాణానికి ముప్పు, ఎగుమతి ఆగిపోయే ప్రమాదం, పై స్థాయి మనిషి మీద మోసం ఆనవాళ్లు. 15 నుంచి 60 లక్షలు రెండో మెట్టు, 3 నుంచి 15 లక్షలు మూడోది. ఈ అంకెలు మరో కంపెనీకి పనికిరావు. రెండువేల కోట్ల కంపెనీలో 60 లక్షలు మూడో మెట్టేమో. లాభమే లేని కంపెనీలో లాభంలో పదో వంతు అన్న కొలతే కుదరదు, అప్పుడు అమ్మకాలనో సొంత మూలధనాన్నో పట్టుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ కొలతల పేజీని ఆడిట్ మొదలెట్టకముందే, ఏప్రిల్లోనే, కమిటీ చేత ఆమోదింపజేసుకున్నాం. లోపం దొరికాక కొలత తయారుచేస్తే ఆ మనిషి కోసమే తయారుచేసినట్టుంటుంది. ముందే ఉంటే బేరం తీరు మారిపోతుంది. ఈసారి పర్చేజ్ హెడ్ ఫోన్ చేసినప్పుడు నేను, “ఏడాదికి 60 లక్షలు దాటదని చూపించే కాగితం ఉంటే ఇవ్వండి, ఇప్పుడే మార్చేస్తాను” అన్నాను. తేడాలు కనిపిస్తే ఏజెంటు కమీషన్‌లో కోస్తున్నామన్నారాయన. మంచి మాటే, నిజమైతే రేటింగు దిగాల్సిందే. ఇరవై ఆరు లాట్ల ఏజెంట్ల ఖాతాలు తీశాం. అలాంటి కోత ఒక్కటీ లేదు. రేటింగు గురించి వాదన అక్కడితో సరి. వాదన పూర్తిగా పోయిందనను. అంచనా 61 లక్షలో 59 లక్షలో ఉన్నప్పుడు ఎలాగూ తప్పదు. అలాంటప్పుడు ‘గీత దగ్గర ఉంది, పై మెట్టులో పెట్టాం, కారణం ఇది’ అని ఒక వాక్యం రాస్తాం.

రిపోర్టు మొత్తానికి ఇచ్చే ఒకే ముద్ర గురించి కూడా చెప్పాలి, ‘మొత్తం మీద సంతృప్తికరం’ లాంటిది. పది అంశాల్లో తొమ్మిది బాగుండి ఒకటి మునిగిపోతుంటే సగటు బాగానే వస్తుంది. ఇల్లంతా సున్నం వేసి దూలానికి చెద పట్టినా సగటున ఇల్లు బాగున్నట్టే. మా పద్ధతిలో మొత్తం ముద్ర అన్నిటికన్నా చెడ్డ అంశాన్ని దాటి పైకి పోకూడదు. దీనివల్ల మంచి విభాగాలకి అన్యాయం జరుగుతుందని ఒక డైరెక్టరు అన్నారు. కొంత నిజమే. అందుకే ముద్ర కింద, బాగున్నవేమిటో రెండు వాక్యాల్లో రాస్తున్నాం. ఈ కంపెనీలో రైతుల బ్యాంకు ఖాతా వివరాల మార్పు ఇద్దరి ఆమోదంతోనే జరుగుతోంది, అది బాగుందని రాశాం.

ఆ త్రైమాసికం మొదటి పేజీలో మూడే మూడు అంశాలున్నాయి. కౌంట్, అమ్మోనియా డిటెక్టరు, ఇంకోటి ఐసు కాంట్రాక్టు గురించి. మొదటి రెండూ ‘ఇప్పుడే’ కనుక చైర్మన్‌గారికి ముందే ఫోన్‌లో తెలుసు. ఆయన ప్రశ్నలతో సిద్ధమై వచ్చారు. ఒక్కో అంశం కింద ఒకే వరసలో నాలుగు ముక్కలు: ఎవరు, ఏం చేస్తారు, ఏ తేదీకి, అయిపోయిందని దేన్ని చూసి ఒప్పుకుంటాం. ‘ఎవరు’ దగ్గర విభాగం పేరు రాయనివ్వను, ఒక్క మనిషి హోదా ఉండాలి. ‘పర్చేజ్, ఫైనాన్స్ సంయుక్తంగా’ అని రాస్తే ఎవరి కుండా పొయ్యెక్కదు.

కౌంట్ మీద చర్చ పద్నాలుగు నిమిషాలు నడిచింది. రెండో దారికే ఒప్పుకున్నారు, ఒక సవరణతో: మళ్లీ లెక్కపెట్టేది పర్చేజ్ మనుషులు కాదు, ప్లాంట్ క్వాలిటీ విభాగం. ఆ సవరణ మాకు తట్టలేదు. బ్యాంకు పెద్దాయనే చెప్పారు. ఆయన తాకట్టు బంగారం తూయించిన రోజుల అనుభవం. ఒకవేళ ఎండీ ‘ఈ నష్టం భరిస్తాం, ఏమీ మార్చం’ అని ఉంటే? అది చెప్పే హక్కు ఆయనకుంది. కానీ కంపెనీ ఓర్చుకోగలిగిన హద్దు అది దాటుతోందని మాకనిపిస్తే, ముందు ఆయనతో మాట్లాడి, తేలకపోతే బోర్డు దాకా తీసుకెళ్లాలని ప్రమాణాలు చెబుతాయి. అప్పుడు మినిట్స్‌లో ‘తెలిసి ఒప్పుకున్నారు’ అని పడుతుంది. ఆ వాక్యం కింద ఉండటానికి ఇష్టపడే ఎండీలు తక్కువ.

మూడు నెలల తర్వాత వచ్చిన మీటింగులో మొదటి పేజీ పైన పాత అంశాల పట్టిక పెట్టాం. అందులో ఒక గడి ‘గడువు ఎన్నిసార్లు జరిపారు’. కౌంట్ దగ్గర సున్నా. కొత్తగా 40 లాట్లు చూశాం, రెండు కౌంట్లు దాటిన తేడా తొమ్మిదింటిలో వచ్చింది. ఏడింటిని మళ్లీ లెక్కపెట్టాకే డబ్బు కట్టారు, రెండు జారిపోయాయి. ఆ రెండూ ఆదివారం రాత్రి వచ్చిన లాట్లు, క్వాలిటీ మనిషి డ్యూటీలో లేడు. దాన్ని ‘పూర్తయింది’ అనలేదు, తెరిచే ఉంచాం. పట్టుబడి ఆదివారం ఆగదు కదా.

డిటెక్టరు దగ్గర ‘పూర్తయింది’ అని మేనేజ్‌మెంట్ రాసి, రుజువుగా కొత్త డిటెక్టరు కొన్న బిల్లు జతచేసింది. మేం ఒప్పుకునే గుర్తుగా రాసింది మాత్రం ‘టెస్ట్ గ్యాస్‌తో మోగించి చూసిన రికార్డు’. చైర్మన్‌గారు ఆ రెండు గడులూ పక్కపక్కన చూసి, “మోగిందా?” అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. ఎండీ ఫోన్ తీసి ప్లాంట్ ఇంజనీరుకి చేసి, స్పీకరులో పెట్టారు. టెస్ట్ గ్యాస్ సిలిండరు స్టోర్‌లోనే ఉందట, ఇంకా విప్పలేదట. “ఇప్పుడు విప్పండి, లైన్లోనే ఉంటాం” అన్నారు. పక్క గదిలో భోజనాలు చల్లారుతున్నాయి. పదకొండు నిమిషాల తర్వాత ఫోన్‌లోంచి అలారం మోత వినిపించింది. కంపెనీ సెక్రటరీ టైము రాసుకున్నారు.